మేనరికం ఇంట్లో జెనోగ్రామ్: అమ్మాయి ప్రశ్నలకు నాన్న ఎందుకు జంకుతున్నట్టు?

"మా అమ్మాయి బరంపురంలో ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతోంది. ఫ్యామిలీ థెరపీ చేస్తానంటోంది. జెనోగ్రామ్ అనే కుటుంబ పటం గీయాలట, మూడు తరాల సంగతులు తవ్వుతోంది. ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరికి ఎవరితో మాటల్లేవు అని వాళ్ల నాయనమ్మను కూర్చోబెట్టి అడుగుతోంది. మాది మేనరికం. నా తమ్ముడితో పదేళ్లుగా రాకపోకలు లేవు. ఇవన్నీ క్లాసులో పెడితే పరువేం కాను? అసలు ఈ చదువుకు భవిష్యత్తుందా, క్లినికల్ సైకాలజీ మేలా?" – ఒక తండ్రి, పర్లాకిమిడి

అయ్యా, ఉద్యోగం సంగతి మీరు అన్నిటికంటే ఆఖర్న అడిగారు, నేనూ ఆఖర్నే చెబుతాను. ముందు మీ తమ్ముడి విషయం.

ఈ చదువులో విద్యార్థి చేత మొదట సొంత ఇంటి పటమే గీయిస్తారు. ఈ పద్ధతికి మూలపురుషుడైన అమెరికన్ సైకియాట్రిస్టు ముర్రే బోవెన్ 1967లో తోటి నిపుణుల సభలో తన సొంత కుటుంబం కథే చెప్పాడు. సొంతింట్లో తాను ఎవరి పక్షం తీసుకుంటుందో తెలియని పిల్ల రేపు పరాయి ఇంటి గొడవలోనూ అదే పక్షం తీసుకుంటుంది. క్లాసుకు వెళ్లే కాగితం మీద పేర్లుండవు, అక్షరాలుంటాయి. చూపించడం ఇష్టంలేనిది చూపించనని చెప్పే హక్కు మీ అమ్మాయికుంది. మీ అమ్మగారిని అడిగే ముందు ఇది ఎందుకో చెప్పి, సరేనంటేనే అడగాలి. అక్కడ మీరు పట్టుబట్టండి, నేనూ మీ వైపే. కానీ తమ్ముడి గుర్తే పటంలో ఉండకూడదంటే మాత్రం ఒప్పుకోను. పదేళ్లుగా మాటల్లేవని మీ పిల్లలకు తెలియదనుకుంటున్నారా? బాబాయి పేరెత్తితే ఇంట్లో గొంతులు తగ్గుతాయని వాళ్లకు ఎప్పుడో తెలుసు. కారణం తెలియదు, అంతే. పటంలో ఆ చోట మధ్యలో తెగిన గీత ఒకటి వస్తుంది. కారణం రాయమని ఎవరూ అడగరు.

ఇక మేనరికం. దాన్ని పరువు కింద జమకట్టారు గానీ, పటానికి అది వేరే రకం చిక్కు. నేను విద్యార్థులకిచ్చే కుటుంబం ఒకటి చెబుతాను. వివరాలు మార్చినదే, గంజాం వైపు ఏ వీధిలోనైనా ఉండదగ్గది.

పదహారేళ్ల కుర్రాడు, ప్లస్ టూలో చేరాడు. జులై నుంచి పొద్దున్నే కడుపునొప్పి, కాలేజీ మానేశాడు. పరీక్షలన్నీ చేయించారు, ఏమీ లేదన్నారు. తండ్రికి 46, సూరత్‌లో పవర్‌లూమ్ పని. తల్లికి 37, ఆమె చేసుకున్నది సొంత మేనమామను. కాబట్టి ఇంట్లో ఉండే 74 ఏళ్ల పెద్దావిడ ఆమెకు అమ్మమ్మా, అత్తగారూ. భర్తకు అక్క అయిన 57 ఏళ్ల మనిషి ఆమెను కన్నతల్లి.

దీన్ని కంప్యూటర్లో గీస్తే విద్యార్థులు సాధారణంగా పెద్దావిడను రెండుసార్లు పెడతారు, తల్లి వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి. చూడ్డానికి ముచ్చటగా రెండు కుటుంబాలు కనబడతాయి. నిజానికి ఉన్నది ఒక్కటే. పుట్టింటికి వెళ్లి మొగుడి మీద చెప్పుకుందామంటే ఆ పుట్టిల్లే మొగుడి అక్కగారిల్లు. ఈ ఇరుకు పటంలో కనబడకపోతే పటం తప్పు. మనుషులను లెక్కపెట్టి, గుర్తులను లెక్కపెట్టి చూస్తే తప్పు దొరికిపోతుంది. పెద్ద కాగితం, పెన్సిలు తీసుకోవాలి. ఒక మనిషికి ఒకే గుర్తు: ఆడవారికి వృత్తం, మగవారికి చతురస్రం, పోయినవారికి లోపల ఇంటూ. ఎవరి కోసం వచ్చారో ఆ కుర్రాడి చతురస్రానికి రెండు గీతల అంచు. భర్తను అతని తరం వరసలోనే ఉంచి, కింది వరసలోని భార్య దాకా జంట గీత ఏటవాలుగా దించాలి. జంట గీతంటే రక్తసంబంధంలో పెళ్లి. ఒడియా ఇళ్లలో మేనరికం సాధారణంగా ఉండదు కాబట్టి తోటి విద్యార్థుల చూపు ఆ గీత దగ్గరే ఆగిపోతుంది, జబ్బంతా అక్కడే ఉందన్నట్టు. పుట్టే పిల్లల ఆరోగ్యం సంగతి జన్యు వైద్యులను అడగాల్సింది, ఈ కడుపునొప్పికి అది జవాబు కాదు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: నొప్పి వస్తే ముందు ఎవరికి తెలుస్తుంది, వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? ఈ ఇంట్లో డబ్బు మాట వస్తే భార్య భర్తను అడగదు, తన తల్లికి చెబుతుంది. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి తిడుతుంది. అతను అక్కకు సంజాయిషీ ఇచ్చి, భార్యతో ముభావంగా ఉంటాడు. ఇద్దరి మధ్య బిగువును మూడో మనిషి మోయడాన్నే బోవెన్ త్రికోణం అన్నాడు. కుర్రాడికి నొప్పి వచ్చిన రోజున మాత్రం తండ్రి నేరుగా భార్యకు ఫోన్ చేస్తాడు, రోజుకు రెండుసార్లు. కుర్రాడు నటిస్తున్నాడని దీనర్థం కాదు. నొప్పి నిజమే, దాని చుట్టూ ఇల్లు ఎలా కదులుతోందో తెలిసింది. అక్కగారిని కూడా పిలిచి, ఇన్నాళ్లూ మోసిన భారాన్ని గుర్తించి, రెండు వారాల పాటు "నువ్వే అడుగమ్మా" అని మాత్రం అనమంటాం. భార్యాభర్తలు ఆదివారం డబ్బు లెక్క నేరుగా మాట్లాడుకోవాలి. అలా మాట్లాడుకున్నా నొప్పిలో మార్పు లేకపోతే మన ఊహ బలహీనం, ఇంకోటి వెతకాలి.

ఇదే పటంలో ఇంకో సంగతుంది. తండ్రికి పదహారేళ్లప్పుడు అతని నాన్న పోయాడు, చదువు మాని సూరత్ వెళ్లాడు. కొడుకూ పదహారుకే ఆగాడు. విద్యార్థులు ఇక్కడ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టేస్తారు. నేను చెరిపేయమంటాను. మూడు తరాల్లో పాతికమంది ఉంటే ఎక్కడో ఒకచోట అంకెలు కలవక మానవు. "మీకు పదహారేళ్లప్పుడు ఇంట్లో ఏం జరిగింది?" అని తండ్రిని అడగాలి. జూన్‌లో వచ్చినప్పుడు "ఇంకో రెండేళ్లు, తర్వాత వీడే చూసుకుంటాడు" అని కుర్రాడి ముందే అన్నానని ఆయన చెబితే, పాత భయం కొత్త తరానికి ఏ దారిన వచ్చిందో దొరికినట్టు. అలాంటిదేమీ లేకపోతే ఆ అంకెను వదిలేయాలి. తరాల సిద్ధాంతానికి పరిశోధన బలం పెద్దగా లేదని కూడా మీ అమ్మాయి తెలుసుకోవాలి. ఇంకో మాట, ఇంట్లో మగవాళ్లు వరసగా ఊరొదిలి వెళ్తే దాన్ని కుటుంబ లోపంగా గీసేస్తారు కొందరు. ఊళ్లో పని లేకపోవడం ఏ గీతలోకీ ఎక్కదు.

నాకు అసలు దిగులు వేరే చోట ఉంది. తరాల గాయాలు మాన్పుతామంటూ వారాంతపు వర్క్‌షాపులు, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. జర్మనీకి చెందిన బెర్ట్ హెలింగర్ మొదలుపెట్టిన ఫ్యామిలీ కాన్‌స్టెలేషన్ అలాంటి ఒక దారి. ముక్కూమొహం తెలియని వాళ్లను మీ తాతగా, అమ్మమ్మగా నిలబెట్టి, వాళ్లకు ఏం అనిపిస్తోందో అడిగి, దాన్ని మీ ఇంటి నిజమంటారు. మా తాతకు ఏమనిపించిందో హోటల్ హాల్లో నిలబడ్డ పరాయి మనిషికెలా తెలుస్తుంది? జెనోగ్రామ్‌లో తేదీ తప్పయితే మీ అమ్మగారు దిద్దగలరు. అక్కడ దిద్దేవారుండరు. మీ అమ్మాయి పరువు కాగితం మీది గీతలతో పోదు గానీ, ఇలాంటి సర్టిఫికెట్ గోడకు తగిలిస్తే పోవచ్చు.

మీరడిగిన పోలిక చిన్నదే. క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, రిజిస్ట్రేషన్ ఉంది. ఫ్యామిలీ థెరపిస్టు అనే విడి రిజిస్ట్రేషన్ అక్కడ లేదు. అందుకే అది మొదటి డిగ్రీగా కాక, ఇంకో అర్హత మీద కట్టుకునే నైపుణ్యంగా ఉండాలి. ఎం.ఎస్.డబ్ల్యూ. చేస్తున్న పిల్లకు సైకియాట్రిక్ సోషల్ వర్క్ దగ్గరి దారి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందాల్లో ఆ పోస్టు ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబ చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనిషి మీ జిల్లాలో ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ కోర్సులో చేరినా ఒక్కటి అడిగి చేరమనండి: నిజమైన కుటుంబాలతో నేను మాట్లాడుతుంటే పక్కన కూర్చుని తప్పులు దిద్దేది ఎవరు, ఎన్ని గంటలు? దీనికి నీళ్లు నమిలితే ఫీజు కట్టకండి.