నోటీస్ పీరియడ్ తగ్గించమని రిజిగ్నేషన్‌లో ఎలా అడగాలి?

"సార్, నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. నోటీస్ 90 రోజులు. కొత్త కంపెనీ 45 రోజుల్లో చేరమంటోంది, బయౌట్ డబ్బు తామే ఇస్తామంటోంది. మేనేజర్ మనసు నొచ్చుకోకుండా ఎలా రాయాలి?"

ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ క్లాజు చదవండి. "నోటీస్, లేదా దానికి బదులు జీతం" అని మాత్రమే ఉంటే మీకు కొంత పట్టు ఉన్నట్టే. పక్కనే "కంపెనీ విచక్షణ మేరకు" అని ఉంటే మాత్రం డబ్బు కట్టినా వాళ్లు ఒప్పుకుంటేనే కదలగలరు. ఐటీలో ఎక్కువగా కనిపించేది ఇదే.

ఆ క్లాజులో జీతం అంటే బేసిక్కా, గ్రాసా అన్నది కూడా చూడండి. బేసిక్ 40,000, గ్రాస్ 85,000 అనుకుందాం. తగ్గే 45 రోజులకు బేసిక్ మీద అయితే 60,000 కట్టాలి, గ్రాస్ మీద అయితే 1,27,500. మిగిలిన ఎర్న్‌డ్ లీవులు నోటీసులో సర్దుబాటు చేస్తారేమో హెచ్‌ఆర్‌ని అడగండి. 12 రోజులు సర్దితే బేసిక్ లెక్కన 44,000తో సరిపోతుంది.

మెయిల్ పంపేముందు మేనేజర్‌తో నేరుగా మాట్లాడండి. ఆయనకు ఈ సంగతి హెచ్‌ఆర్ నోట తెలిస్తే మాట పట్టింపు వస్తుంది. మెయిల్‌లో చాలామంది తమకు కావలసిన తేదీనే ఆఖరి రోజుగా రాసేస్తారు. అప్పుడది అభ్యర్థనలా కాక, నోటీస్ ఎగ్గొడుతున్నట్టు కనిపిస్తుంది. రెండు తేదీలూ రాయండి. జూన్ 1న రాజీనామా ఇస్తే, ఆ రోజుతో కలిపి 90 రోజులు ఆగస్టు 29కి పూర్తవుతాయి. ఇంగ్లిష్‌లో రాసినా భావం ఇలా ఉండాలి:

"నా రాజీనామాను స్వీకరించగలరు. ఒప్పందం ప్రకారం నా చివరి పనిదినం ఆగస్టు 29. వీలైతే జూలై 15న రిలీవ్ చేయమని మనవి. ఈలోగా నా మాడ్యూళ్ల పని, డాక్యుమెంట్లు మీరు సూచించిన వారికి పూర్తిగా అప్పగిస్తాను. మిగిలిన రోజులకు లీవుల సర్దుబాటుకైనా, నిబంధనల ప్రకారం బయౌట్‌కైనా సిద్ధంగా ఉన్నాను. మీ నిర్ణయం తెలియజేయగలరు."

కొత్త కంపెనీ తొందరపెడుతోందని రాయకండి, అది పాత కంపెనీ ఒప్పుకోవడానికి కారణం కాదు. మేనేజర్‌కు అసలు టెన్షన్ పని ఆగిపోతుందనే. కాబట్టి ఏ వారం ఏది అప్పగిస్తారో ఒక చిన్న పట్టిక జతచేయండి. జూలై 15 కుదరదంటే నెలాఖరు అడగండి, అటు కొత్త కంపెనీని రెండు వారాలు గడువు కోరండి.

మేనేజర్ నోటిమాటగా "సరే" అన్నా, హెచ్‌ఆర్ నుంచి తేదీతో మెయిల్ వచ్చేదాకా ఆఫీసు మానకండి. అనుమతి లేకుండా మానేస్తే చెప్పకుండా వెళ్లిపోయినట్టు రికార్డు చేసి, రిలీవింగ్ లెటర్ ఆపేసే ప్రమాదం ఉంది. కొత్త కంపెనీ ఇస్తానన్న బయౌట్ మాటా రాతలోనే తీసుకోండి. గరిష్ఠంగా ఎంత ఇస్తారు, ఏ రసీదు అడుగుతారు, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలా అన్నవి అందులో ఉండాలి. ఆ డబ్బును సాధారణంగా జీతంలో కలిపి పన్ను కోస్తారు, కాబట్టి చేతికి వచ్చేది మీరు కట్టినదానికంటే తక్కువే ఉండొచ్చు.