మూడు శాతం దేని మీద, ఏ నెల నుంచి?

జర్మనీకి కొత్తగా వస్తున్న మనవాళ్ళు ఇంటి కాంట్రాక్టు ఫొటోలు తీసి నాకు పంపుతుంటారు. కింద ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే ఉంటుంది: "ఏటా మూడు శాతం పెంచుతారట, ఎక్కువేనా?" ఎక్కువా తక్కువా అని ఒక్క ముక్కలో చెప్పలేను. నేనడిగేది వేరే. ఆ మూడు శాతం దేని మీద? ఏ నెల నుంచి? డబ్బు పోయేది అక్కడ.

ఈ ఆగస్టులో సెలవులకు విజయనగరం వచ్చాను. మా తమ్ముడి స్నేహితుడిది పలాస. వాళ్ళబ్బాయికి జర్మనీలో ఉద్యోగం వచ్చింది, అక్టోబరు ఒకటిన ఇంట్లో దిగాలి. కాంట్రాక్టు ఈమెయిల్లో వచ్చింది, సంతకం పెట్టి పంపమన్నారు. "ఓసారి చూసి చెప్పు పిన్నీ" అని పిలిస్తే వెళ్ళాను. పెరటి గోడ అవతల జీడిపిక్కలు కాలుస్తున్నారు, ఆ ఘాటు వరండా దాకా వస్తోంది. వాళ్ళ నాన్న అప్పటికే జూలై నెల క్యాలెండర్ కాగితం చింపి వెనకవైపు లెక్క వేసేశారు. ఆయనకి బజార్లో రెండు షాపులు అద్దెకున్నాయి, అద్దె లెక్కలు కొత్త కావు.

"చూడు చెల్లమ్మా, నెలకి వెయ్యీ ఇరవై యూరోలు. ఏటా మూడు శాతం, పెరిగిన దాని మీద మళ్ళీ పెరుగుదల. నాలుగేళ్ళకి యాభై ఒక్క వేలా రెండొందల ఏడు. అడ్వాన్సు మూడు నెలలు, మూడు వేలా అరవై. అంతేనా?"

కూడికల్లో తప్పు లేదు. మొదలుపెట్టిన అంకె తప్పు.

జర్మనీలో అద్దె రెండు ముక్కలుగా ఉంటుంది. ఇంటికి మాత్రమే కట్టేది కాల్ట్‌మీటె, అంటే చల్లని అద్దె. దానికి హీటింగ్, నీళ్ళు, చెత్త, మెట్లు తుడిచే ఖర్చు లాంటివి కలిపితే వార్మ్‌మీటె, వెచ్చని అద్దె. ఆ అదనపు ఖర్చుల్ని నేబెన్‌కోస్టెన్ అంటారు. పేర్లు విని మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఈ అబ్బాయి కాంట్రాక్టులో కాల్ట్‌మీటె 800 యూరోలు, నేబెన్‌కోస్టెన్ అడ్వాన్సుగా నెలకి 220. రెండూ కలిపితే 1,020. కరెంటు, ఇంటర్నెట్ వీటికి బయట.

ఇలా ఏ ఏడాది అద్దె ఎంతో ముందుగానే మెట్లుమెట్లుగా రాసుకున్న పెంపును స్టాఫెల్‌మీటె అంటారు. అది పెరిగేది కాల్ట్‌మీటె మీద. 220 ఏటా మూడు శాతం పెరిగేది కాదు. అది నెలనెలా అంచనాగా కట్టే సొమ్ము. సంవత్సరం లెక్క తేలాక ఎక్కువ కట్టి ఉంటే వెనక్కి ఇస్తారు, తక్కువైతే ఇంకా కట్టమంటారు. చలి ఎక్కువున్న ఏడాది రెండు మూడు వందలు అదనంగా కట్టాల్సి వచ్చినా ఆశ్చర్యపోకండి. అందుకని మొత్తం లెక్క వేసేటప్పుడు నేబెన్‌కోస్టెన్‌ని విడిగా, ఒకే అంకెగా పెట్టుకుని, ఇది మారొచ్చు అని పక్కన రాసుకోవాలి.

కాల్ట్‌మీటెకి మాత్రం ఎక్సెల్లో ఒక్క ఫార్ములా చాలు. మొదటి ఏడాది అద్దె A1లో పెట్టి, A2లో ఇది రాసి, కిందికి లాగాలి:

```
=ROUND(A1*1.03,2)
```

800, 824, 848.72, 874.18 అని వస్తాయి. నాలుగూ కలిపి పన్నెండుతో హెచ్చిస్తే నాలుగేళ్ళకి 40,162.80. నేబెన్‌కోస్టెన్ 220 చొప్పున 48 నెలలకి 10,560. రెండూ కలిపి 50,722.80. వాళ్ళ నాన్న లెక్కకీ దీనికీ తేడా 484.80 యూరోలు. పెంచకూడని ముక్క మీద కూడా మూడు శాతం వేసినందుకు వచ్చిన తేడా అది.

"అయితే చక్రవడ్డీలా కాకుండా ఏటా ఇరవై నాలుగే పెంచమని అడుగుదామా?" అన్నారాయన. పలాసలో షాపు కిరాయిదారు ఈ మాట మీదే ఆయనతో ఏడాదిగా పేచీ పడుతున్నాడట. అలా వేస్తే 800, 824, 848, 872. నాలుగేళ్ళకి 40,128. మిగిలేది 34.80. నాలుగేళ్ళకి ముప్ఫై ఐదు యూరోల కోసం ఇంటి ఓనరుతో బేరమాడి మాట పడొద్దు అన్నాను.

అసలు సంగతి కాంట్రాక్టు రెండో పేజీలో ఉంది. పెంపు "ప్రతి జనవరి 1న, 3 శాతం" అని రాశారు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు.

మొదటిది, ఇళ్ళ అద్దెల విషయంలో జర్మన్ సివిల్ కోడ్ 557ఎ ప్రకారం మెట్టు ఎంతో డబ్బుల్లో రాయాలి. కొత్త అద్దె ఎన్ని యూరోలో, లేదా ఎన్ని యూరోలు పెరుగుతుందో అంకె కనిపించాలి. ఉత్త శాతం రాస్తే చెల్లదు. షాపులకీ ఆఫీసులకీ ఈ రూలు లేదు, కాబట్టి ఆ కాంట్రాక్టులు చూసి వచ్చినవాళ్ళ మాట నమ్మకండి.

రెండోది, ఏ మెట్టు మీదైనా అద్దె కనీసం ఏడాది పాటు కదలకూడదు. ఈ అబ్బాయి దిగేది 2025 అక్టోబరు 1న. జనవరి 1న పెంచితే మొదటి మెట్టు మూడు నెలలకే వచ్చేస్తుంది. చట్టం ముందు అది నిలవదు. కానీ చూసుకోకుండా కట్టుకుంటూ పోతే ఎంతవుతుందో చూడండి. 800 చొప్పున మూడు నెలలే. తర్వాత 824, 848.72, 874.18 తలా పన్నెండు నెలలు. ఆఖరి తొమ్మిది నెలలు 900.41, ఐదో మెట్టన్నమాట, నాలుగేళ్ళ కాంట్రాక్టులో! మొత్తం 41,066.49. సరైన దానికంటే 903.69 ఎక్కువ. శాతం మారలేదు, ఇల్లు మారలేదు, తేదీ ఒక్కటే మారింది. అందుకే మెట్ల పట్టిక ఏదైనా, ముందు ఒక్కో అద్దె పక్కన అది ఎన్ని నెలలు నడుస్తుందో రాయండి. మొదటి గడిలో పన్నెండు కంటే తక్కువ వచ్చిందంటే అక్కడే ఆగి అడగండి.

"ఏటి పిన్నీ, తెలిసి రాశారంటావా?" అన్నాడు కుర్రాడు. తెలీదు. పాత ఫారంలో అంకెలు మార్చి పంపేవాళ్ళు అక్కడా ఉన్నారు. మనం మర్యాదగా సరిచేయమని రాస్తే చాలు.

ఇక డిపాజిట్. దాన్ని కౌత్సియోన్ అంటారు. వాళ్ళడిగింది 3,060, అంటే మూడు వెచ్చని అద్దెలు. చట్టం ఒప్పుకునేది గరిష్ఠంగా మూడు చల్లని అద్దెలు, అంటే 2,400. మొదలయ్యేటప్పటి అద్దె మీదే ఆ లెక్క. అద్దె 874.18కి చేరింది కదా, డిపాజిట్ కూడా పెంచమంటే కుదరదు. పైగా దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవాడికి ఉంది, మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు.

కొత్తగా దిగినవాడికి ఇదే పెద్ద ఊరట. వాళ్ళడిగినట్టు కడితే మొదటి నెలలోనే 1,020 అద్దె, 3,060 డిపాజిట్, మొత్తం 4,080 చేతిలో ఉండాలి. చట్టప్రకారం అయితే 1,020, మొదటి వాయిదా 800, మొత్తం 1,820. యూరో వంద రూపాయలని వేసుకున్నా మొదటి నెలలో రెండు లక్షల పాతిక వేల పైచిలుకు తగ్గుతుంది. జీతం ఇంకా పడని నెల అది. మంచం, వంటసామాను, ఒక దళసరి కోటు, అన్నీ ఆ నెలలోనే కొనాలి.

డిపాజిట్‌ని నాలుగేళ్ళ ఖర్చులో కలపొద్దని కూడా చెప్పాను. అది తిరిగొచ్చే సొమ్ము. ఓనరు దాన్ని తన డబ్బుతో కలపకుండా విడిగా ఉంచాలి, వడ్డీ వస్తే అదీ మనదే. అయితే ఖాళీ చేసిన రోజునే చేతికిస్తారనుకోకండి. నేబెన్‌కోస్టెన్ లెక్క తేలేదాకా కొంత పట్టి ఉంచుతారు, కొన్ని నెలలు పట్టొచ్చు.

ఇక్కడ వాళ్ళ నాన్న అడ్డొచ్చారు. "ఆఖరి మూడు నెలలూ అద్దె కట్టకపోతే సరి కదమ్మా, అడ్వాన్సులో కొట్టేసుకుంటారు." శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా అందరం చేసేది అదే, ఆయన కిరాయిదారులూ అలాగే చేసి వెళ్ళారట. జర్మనీలో అది కుదరదు. డిపాజిట్ అద్దె కాదు, కట్టని అద్దె బాకీగానే లెక్క. రెండు నెలలు వరసగా ఎగ్గొడితే నోటీసు గడువు కూడా ఇవ్వకుండా ఖాళీ చేయమనే హక్కు ఓనరుకి వస్తుంది.

లేవబోతూ నాలుగో పేజీ చూశాను. 2029 సెప్టెంబరు 30 దాకా అద్దెకున్నవాడు ఖాళీ చేయడానికి వీల్లేదు అని ఉంది. మామూలుగా అయితే మూడు నెలల నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్ళొచ్చు. స్టాఫెల్‌మీటెలో ఆ హక్కుని గరిష్ఠంగా నాలుగేళ్ళు ఆపొచ్చు, కానీ ఆ నాలుగేళ్ళు లెక్కపెట్టేది ఒప్పందం కుదిరిన రోజు నుంచి, ఇంట్లో దిగిన రోజు నుంచి కాదు. ఆగస్టులో సంతకం పెడితే ఆ గడువు 2029 ఆగస్టు దాటకూడదు. ఆ నెలన్నర కన్నా నాకు నచ్చని సంగతి వేరే. ఉద్యోగంలో మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ ఉన్న కుర్రాడు నాలుగేళ్ళ ఇంటికి కట్టుబడటం ఏమిటి? ఇంతసేపూ వేసిన 50,722.80 అంతా అప్పుడు వాడి మెడకి చుట్టుకున్నట్టే. కంపెనీ ఇంకో ఊరు పంపినా, ఓనరు ఒప్పుకోకపోతే కడుతూనే ఉండాలి.

ఆ రాత్రే ముగ్గురం కూర్చుని నాలుగు మాటలతో మెయిల్ రాశాం. మెట్లు యూరోల్లో రాయండి. తేదీ అక్టోబరు 1కి మార్చండి. డిపాజిట్ 2,400, మూడు వాయిదాలు. కట్టుబాటు ఒక్క ఏడాది చాలు. మూడు శాతం గురించి ఒక్క ముక్క అడగలేదు.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. మొదటి మూడూ ఒప్పుకున్నారు, కట్టుబాటు మాత్రం రెండేళ్ళ కంటే తగ్గించేది లేదన్నారు. నాకు న్యాయంగానే తోచింది. రెండేళ్ళకి 1,020 చొప్పున పన్నెండు నెలలు, 1,044 చొప్పున పన్నెండు నెలలు, మొత్తం 24,768. వాళ్ళ నాన్నకి ఫోన్లో అంకె చెబితే, "ఉండమ్మా" అని ఆ క్యాలెండర్ కాగితమే తెచ్చి పాత మొత్తం కొట్టేసి దీన్ని రాసుకున్నారు. పక్కనే 2,400 రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీసి, "ఇది రావాలి" అని పైకి చదువుకున్నారు.