క్రియాటినిన్ తగ్గింది, డయాలసిస్ తగ్గించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 57 ఏళ్లు. తొమ్మిది నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. మొదట్లో క్రియాటినిన్ 10.2 ఉండేది, ఇప్పుడు 6.1కి వచ్చింది. పొటాషియం 6.2, ఫాస్ఫరస్ 6.4, ఆల్బుమిన్ 3.1. పప్పు, గుడ్డు, మాంసం కిడ్నీ జబ్బు బయటపడినప్పుడే మానేశాం. లో సోడియం ఉప్పు వాడుతున్నాం. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, సొరకాయ కూర, మజ్జిగ, రాత్రి ఉప్మా పెడుతున్నాం. ఫాస్ఫరస్ మాత్ర ఉదయం పరగడుపున ఇస్తున్నాం. మూత్రం రోజుకు 200 మి.లీ. వస్తుంది. డయాలసిస్ అయ్యాక బరువు మొదటి నుంచీ 60 కిలోలే, మళ్లీ వెళ్లేసరికి 64 అవుతుంది. బాగా నీరసంగా ఉంటున్నారు. కిడ్నీలు కోలుకుంటున్నట్టేనా? డయాలసిస్ వారానికి ఒకసారి చాలా? నీరసానికి కొబ్బరి నీళ్లు, ప్రొటీన్ పౌడర్ ఇవ్వొచ్చా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: డయాలసిస్ తగ్గించకండి, ఒక్క సెషన్ కూడా మానకండి. కొబ్బరి నీళ్లు వద్దు. లో సోడియం ఉప్పు ఈ పూట నుంచే ఆపేయండి. ముందు ఈ మూడూ చేసి తర్వాత మిగతాది చదవండి.

క్రియాటినిన్ తగ్గిందని మీరు సంతోషిస్తున్నారు. మీరు రాసినదంతా కలిపి చూస్తే నాకు మాత్రం అదే ఎక్కువ భయం కలిగిస్తోంది. క్రియాటినిన్ మన కండరాల నుంచి తయారవుతుంది. కండ ఉన్న మనిషిలో ఎక్కువ, కండ కరిగిన మనిషిలో తక్కువ ఉంటుంది. కిడ్నీలు కోలుకుంటుంటే మూత్రం పెరగాలి. రోజుకు 200 మి.లీ. మూత్రంతో, వారానికి రెండే డయాలసిస్‌లతో క్రియాటినిన్ 10 నుంచి 6కి దిగిందంటే కండ కరిగిపోతోందేమోనని ముందుగా అనుమానించాలి. రక్తం డయాలసిస్‌కు ముందు తీశారా, తర్వాత తీశారా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. తర్వాత తీస్తే ఎవరికైనా తక్కువే వస్తుంది. కొందరికి కిడ్నీలు కొంత కోలుకునే మాట నిజమే. అయితే అది 24 గంటల మూత్రం పట్టి పరీక్ష చేశాక నెఫ్రాలజిస్టు చెప్పాల్సిన మాట, ఒక్క రిపోర్టు చూసి ఇంట్లో తేల్చుకునేది కాదు.

"బరువు 60 కిలోలే ఉంది కదా, కండ ఎక్కడ తగ్గింది?" అని మీరు అడగవచ్చు. మోసం అక్కడే ఉంది. మూడు కిలోల కండ పోయి దాని స్థానంలో మూడు కిలోల నీరు చేరినా తూకం యంత్రం 60 అనే చూపిస్తుంది. ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటాం. తొమ్మిది నెలల కిందట నిర్ణయించిన డ్రై వెయిట్‌నే ఇప్పటికీ పట్టుకుని ఉంటే, ప్రతి డయాలసిస్ తర్వాతా ఆయన ఒంట్లో నీరు మిగిలిపోతూ ఉండవచ్చు. ఒకసారి ఆయన్ని వెలుతురులో కూర్చోబెట్టి చూడండి. కణతల దగ్గర గుంటలు పడ్డాయా? చొక్కా విప్పితే మెడ కింది ఎముకలు పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయా? బొటనవేలిని చూపుడువేలికి ఆనించి గట్టిగా నొక్కమనండి. ఆ రెండింటి మధ్య ఉబ్బాల్సిన కండ చదునుగానో లోతుగానో ఉంటే కండ తగ్గినట్టే. దానితోపాటు చీలమండల దగ్గర వాపు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, డయాలసిస్ తర్వాత కూడా తగ్గని బీపీ ఉంటే నీరు మిగిలిందని అర్థం. ఇవి గమనించి మీ నెఫ్రాలజిస్టుతో డ్రై వెయిట్ మళ్లీ చూడమని చెప్పండి.

ఇక అసలు పొరపాటుకు వస్తాను. ఇది నేను ఓపీలో తరచూ చూసేదే. డయాలసిస్ మొదలవకముందు ప్రొటీన్ తగ్గించమని మేమే చెబుతాం, అప్పటికి అది సరైన సలహా. డయాలసిస్ మొదలైన రోజు నుంచి లెక్క తిరగబడుతుంది. ఒక్కో డయాలసిస్‌లో రక్తంలోని అమైనో ఆమ్లాలు 6 నుంచి 12 గ్రాముల దాకా బయటకు పోతాయి. అందుకే డయాలసిస్ చేయించుకునేవారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ నాన్నగారికి 60 నుంచి 70 గ్రాములు అనుకోండి. మీరు పెడుతున్న తిండిలో ఎంత ఉందో చూద్దాం. రెండు ఇడ్లీల్లో 4 గ్రాములు, రెండు కప్పుల అన్నంలో 8, ఉప్మాలో 5, కూర, మజ్జిగ కలిపి మరో 4 వేసుకున్నా మొత్తం 21 గ్రాములు దాటదు. కావాల్సినదాంట్లో మూడో వంతు. నీరసానికి కారణం వెతకడానికి ఇంతకంటే దూరం వెళ్లనక్కర్లేదు, హిమోగ్లోబిన్ ఒకటి చూసుకోండి చాలు.

పాత డైట్ చార్టు ఎవరిచ్చినా దాన్ని పక్కన పెట్టేయండి. ఇప్పుడు పెడుతున్న తిండికే రోజుకు మూడు గుడ్ల తెల్లసొన (10 గ్రాములు), వండిన చికెన్ లేదా చేప 80 గ్రాముల దాకా (20 గ్రాములు), చిన్న కప్పు గట్టి పప్పు (6 గ్రాములు), చిన్న కప్పు పెరుగు (3 గ్రాములు) కలిపితే లెక్క 60 గ్రాములకు చేరుతుంది. మాంసం తినని ఇంట్లో ఇది కష్టం, డైటీషియన్ సాయం తప్పనిసరి. తెల్లసొనలో మంచి ప్రొటీన్ ఉండి ఫాస్ఫరస్ దాదాపు లేకపోవడం వల్ల డయాలసిస్ వాళ్లకు దాన్ని గట్టిగా చెబుతాం. అన్నం, నూనె మరీ తగ్గించకండి. కేలరీలు చాలకపోతే తిన్న ప్రొటీన్‌ను కూడా ఒళ్లు ఇంధనంగా కాల్చేస్తుంది.

ఆల్బుమిన్ 3.1 కేవలం తిండి వల్లే అని నేను రాసివ్వలేను. ఒంట్లో నీరు ఎక్కువైనా అది పలచబడి తక్కువ కనిపిస్తుంది. కెథెటర్ ఇన్‌ఫెక్షన్, పంటి చీము లాంటివి దాగి ఉన్నా తగ్గుతుంది. అందుకే సీఆర్‌పీ పరీక్ష చేయించమనండి. మెడ దగ్గర కెథెటర్‌తోనే డయాలసిస్ నడుస్తోందా, ఫిస్టులా ఉందా అన్నది మీరు రాయలేదు. కెథెటర్ అయితే చలిజ్వరం వచ్చిన రోజున పారాసిటమాల్ వేసి ఇంట్లో కూర్చోకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

పొటాషియం సంగతి చూద్దాం. సొరకాయ, ఇడ్లీ తినే మనిషికి 6.2 రావడం వింత. నాకు ముందుగా అనుమానం వచ్చింది మీ ఉప్పు మీద. లో సోడియం ఉప్పుల్లో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఎంత కలుపుతారన్నది ప్యాకెట్‌ను బట్టి మారుతుంది. సగం అదే ఉన్న ఉప్పు అయితే, ఒక టీస్పూనులో 1,300 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. మామూలు కిడ్నీ ఉన్నవాళ్లకు బీపీకి మంచిదే కావచ్చు, మీ నాన్నగారికి మాత్రం విషంతో సమానం. ఒక కొబ్బరి బొండంలోనూ 500, 600 మి.గ్రా. ఉంటుంది. ఇవి కాక, తిండి చాలక కండ కరిగినప్పుడు కండలోని పొటాషియం రక్తంలోకి వస్తుంది. మలబద్ధకం ఉన్నా పెరుగుతుంది, ఎందుకంటే కిడ్నీలు పనిచేయనప్పుడు పేగులే కొంత పొటాషియం బయటకు పంపుతాయి. టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మాత్రలు కూడా పెంచవచ్చు. వాటిని మీరు సొంతంగా ఆపకండి, చీటీ డాక్టరుకు చూపించండి. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం చాలావరకు పోతుంది, నానబెట్టడం కంటే ఉడికించి వార్చడం మేలు. పండు తినాలనిపిస్తే ఒక చిన్న యాపిలో, రెండు మూడు పైనాపిల్ ముక్కలో ఇవ్వండి. అరటి, కమలా, సపోటా వద్దు.

పొటాషియం 6.2 దగ్గర చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, నేరుగా గుండె లయ తప్పవచ్చు. ఆ రిపోర్టు పాతదైనా సరే, ఇవాళే మీ డయాలసిస్ సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పండి. కాళ్లు లాగేసినట్టు బలహీనపడటం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఈసీజీ తీసే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. డయాలసిస్ రోజు వచ్చేదాకా ఆగకండి.

ఫాస్ఫరస్ మాత్ర పరగడుపున వేస్తే డబ్బు దండగ. అది రక్తంలోని ఫాస్ఫరస్‌ను నేరుగా తగ్గించే మందు కాదు. తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకుని మలంతో పంపే మందు. అన్నం లేకుండా పట్టుకోవడానికి అక్కడ ఏముంటుంది? భోజనం చేస్తూ మధ్యలో వేయాలి, ఎన్ని, ఏ పూట అన్నది మీ డాక్టరు చెబుతారు. ఇప్పుడు చికెన్, పప్పు పెంచుతాం కాబట్టి అది ఇంకా ముఖ్యం. ఫాస్ఫరస్‌కు భయపడి ప్రొటీన్ మానేయకండి. కోలా డ్రింకులు, ప్రాసెస్డ్ చీజ్, నిల్వ ఉంచిన సాసేజ్‌ల్లో కలిపే ఫాస్ఫేటు దాదాపు అంతా ఒంటికి పడుతుంది. పప్పులోది అందులో సగం కూడా పట్టదు. మానాల్సింది ప్యాకెట్లను.

రెండు డయాలసిస్‌ల మధ్య 4 కిలోలు పెరగడం ఎక్కువే. నాలుగు గంటల్లో 4 లీటర్లు లాగితే గంటకు ఒక లీటరు. 60 కిలోల మనిషికి గంటకు 800 మి.లీ. దాటకుండా చూసుకుంటాం, దాటితే బీపీ పడిపోతుంది, గుండెకు దెబ్బ. ఆయన తాగేది రోజుకు 700 మి.లీ. మించకూడదు, అంటే మూత్రం 200కి మరో 500 కలిపి. ఉదయాన్నే ఆ కొలత సీసాలో పోసి పెట్టండి. టీ, మజ్జిగ, చారు, మాత్రలకు తాగే నీళ్లు ఏవి తీసుకున్నా అంతే నీరు సీసాలోంచి తీసేయండి. అయితే ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమంటే ఎవరి వల్లా కాదు, ఆ దాహం అలాంటిది. మామూలు ఉప్పే, రోజంతటికీ ఒక టీస్పూను లోపు. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఎండుచేపలు ఆ లెక్కలోకే వస్తాయి.

కాస్త కోపంగానే చెబుతున్నాను, ఉప్పు మార్చడం, తిండి మానేయడం, మాత్ర వేళ మార్చడం, ఇప్పుడు డయాలసిస్ తగ్గించాలనుకోవడం, ఇవన్నీ మీరు ప్రేమతో చేసినవే. కానీ ఏ ఒక్కటీ డాక్టరును అడిగి చేసినట్టు నాకనిపించలేదు. "క్రియాటినిన్ తగ్గించే" చూర్ణాలు కూడా ఏమైనా ఇస్తుంటే దాచకుండా చెప్పండి. మూత్రం ఇంత తక్కువగా ఉన్నప్పుడు సాధారణంగా వారానికి మూడు డయాలసిస్‌లు కావాలి. ఆరోగ్యశ్రీలో అది ఎలా కుదురుతుందో సెంటర్‌లో అడగండి.

పౌడర్ సంగతి: కిడ్నీ రోగుల పౌడర్లు రెండు రకాలు. డయాలసిస్ లేనివాళ్లవి తక్కువ ప్రొటీన్‌వి, డయాలసిస్ వాళ్లవి ఎక్కువ ప్రొటీన్‌వి. కిడ్నీ పౌడర్ ఇవ్వండి అని షాపులో అడిగితే ఏది చేతిలో పెడతారో తెలీదు, డైటీషియన్ రాసిచ్చిందే కొనండి. జిమ్ పౌడర్లు వద్దు. రిపోర్టులు, ఉప్పు ప్యాకెట్, మాత్రల పెట్టె పట్టుకుని తర్వాతి డయాలసిస్‌కు ఒక గంట ముందే వెళ్లండి. నేను ఆయన్ని చూడలేదు కాబట్టి కొలతలు మీ నెఫ్రాలజిస్టు మార్చితే వారు చెప్పిందే పాటించండి.