మోకాళ్ల నొప్పి, 82 కిలోల బరువు: నడకా, సైకిలా, ఈతా?

ప్రశ్న: నాకు 49 ఏళ్లు, బరువు 82 కిలోలు. చెన్నైలో ఉంటాం. మెట్లు దిగేటప్పుడు రెండు మోకాళ్లూ నొప్పిగా ఉంటాయి. గుజ్జు కొంచెం అరిగిందని, బరువు తగ్గమని డాక్టర్ చెప్పారు. తొందరేమీ లేదు, మెల్లగా తగ్గినా చాలు. వాకింగ్, సైక్లింగ్, ఈత, వీటిలో ఏది మొదలుపెట్టాలి? ఈత రాదు.

జవాబు:

ముందు ఇంట్లో కదలకుండా నిలిచి ఉండే సైకిల్‌తో మొదలుపెట్టండి. నెల తర్వాత దానికి కొంచెం నడక కలపండి. ఈత సంగతి తర్వాత చూసుకోవచ్చు. నేను దీన్ని తలకిందులుగా చేసి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది నెల్లూరు. పెళ్లయినప్పటి నుంచీ చెన్నైలోనే ఉంటున్నాం. మూడేళ్ల క్రితం నాకు 52, బరువు 84 కిలోలు. ఇసుక మెత్తగా ఉంటుంది కదా, మోకాళ్లకు మంచిదే అనుకుని రోజూ తెల్లవారుజామున బెసెంట్ నగర్ బీచ్‌లో అలల అంచున 40 నిమిషాలు నడిచాను. మూడో వారానికి కుడి మోకాలు వాచింది. కారణం ఫిజియోథెరపిస్ట్ చెప్పేదాకా తెలియలేదు. నీళ్ల అంచున ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. అక్కడ నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో, రెండోది మెరకలో పడుతుంది. పొడి ఇసుకలోకి వెళ్తే అడుగు దిగబడి మడమ, మోకాలు అటూ ఇటూ తిరుగుతాయి. మోకాలు నొప్పి ఉన్నవాళ్లకు మెత్తదనం కన్నా చదును ముఖ్యం.

సైకిల్ ముందు అనడానికి కారణం, కూర్చుంటే ఒంటి బరువులో ఎక్కువ భాగం సీటు మీద పడుతుంది. మోకాలు బరువు మోయకుండానే వంగి చాచుకుంటుంది. అయితే సీటు ఎత్తు సరిగా లేకపోతే ఈ లాభమంతా పోతుంది. నాకూ అదే జరిగింది. పాదం నేలకు అందుతుంటే ధైర్యంగా ఉంటుందని సీటు బాగా కిందికి దించుకున్నాను. వారం తిరగకుండానే మోకాలి చిప్ప చుట్టూ, ముందు వైపు మంట మొదలైంది. సీటు తక్కువగా ఉంటే పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు మరీ ఎక్కువగా వంగుతుంది. అలా వంగిన స్థితిలో తొక్కితే చిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది.

ఎత్తు సరిచూసుకోవడం ఇలా. ఎవరినైనా పక్కన నిలబెట్టుకుని సీటు మీద నిటారుగా కూర్చోండి. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. అప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలి, కానీ నడుము పక్కకు ఒరగకూడదు. తొక్కేటప్పుడు మాత్రం మడమ కాదు, పాదం ముందు భాగం పెడల్ మీద ఉండాలి. అప్పుడు పెడల్ కిందికి వచ్చినా మోకాలు కాస్త వంగే ఉంటుంది, కావలసింది అదే. నొప్పి మోకాలి ముందు వస్తే సీటు తక్కువగా ఉందేమో చూడండి. మోకాలి వెనక లాగుతుంటే ఎక్కువైందేమో చూడండి. ఒక్కసారి ఒక్క సెంటీమీటరే మార్చి, రెండు రోజులు తొక్కాక మళ్లీ చూసుకోండి. కుదిరిన చోట సీటు కడ్డీ మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే, ఇంట్లో వేరేవాళ్లు దించినా మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

పెడల్ బిగింపు బాగా తగ్గించి, నిమిషానికి 60 నుంచి 70 చుట్లు పడేలా తొక్కండి. ఎక్కువ బిగించి మెల్లగా తొక్కితే చెమట బాగానే పడుతుంది కానీ భారం మోకాలి మీదే పడుతుంది. నేను మొదటి వారం 8 నిమిషాలు, వారానికి 5 రోజులు తొక్కాను. తర్వాత వారానికి 4 నిమిషాల చొప్పున పెంచుకుంటూ నాలుగో వారానికి 20 నిమిషాలకు వచ్చాను. ఐదో వారంలో ఉత్సాహం ఆగక, సైకిల్ 30 నిమిషాలు చేసి అదే వారం నడక కూడా మొదలుపెట్టాను. మూడో రోజు పొద్దున మోకాలు బిగుసుకుపోయి బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచాను. రెండూ ఒకేసారి పెంచడంతో తప్పు దేనిదో కూడా తెలియలేదు. అప్పటి నుంచీ ఒక వారంలో ఒక్కటే పెంచుతున్నాను.

ఎంత చేస్తే సరిపోతుందో చెప్పేది మరుసటి రోజు పొద్దున. వ్యాయామం చేస్తున్నప్పుడు పదిలో మూడు మార్కులంత నొప్పి ఉంటే ఫర్వాలేదు. 24 గంటల్లో అది మామూలు స్థాయికి రావాలి. లేచేసరికి నిన్నటి కన్నా ఎక్కువ నొప్పి ఉన్నా, వాపు కనిపించినా ఆ రోజు ఆపి, తర్వాత సగంతో మొదలుపెట్టండి. పూర్తిగా మానేయకండి. మానేస్తే తొడ కండరాలు నీరసపడతాయి, మోకాలిని కాచేవి అవే.

నడకకు ఏదైనా పార్కులో చదునైన దారి చాలు. మొదట 10 నిమిషాలు, గట్టి అడుగు ఉన్న బూట్లతో నడవండి. ఫ్లైఓవర్ ఎక్కి దిగడం, మెట్లు దిగడం వ్యాయామంగా పెట్టుకోవద్దు. దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ.

ఈత నిజంగానే మోకాలికి హాయి. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు మూడో వంతే కాళ్ల మీద పడుతుంది. కాబట్టి ఈత రాకపోయినా ఆ లోతులో నడిస్తే చాలు. నేర్చుకునేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. కప్పలా కాళ్లు బయటికి విసిరే బ్రెస్ట్ స్ట్రోక్ మోకాలి లోపలి వైపు లాగుతుంది. నాకు రెండో వారంలోనే అక్కడ నొప్పి పట్టింది. ఆడవాళ్ల బ్యాచ్ కోచ్‌కు చెబితే నీళ్లలో తేలే పలక పట్టుకుని కాళ్లు తిన్నగా ఆడించే పద్ధతికి మార్చారు, నొప్పి పోయింది. ఇంత బాగున్నా మొదటి స్థానం ఇవ్వకపోవడానికి కారణం, కొలనుకు వెళ్లి రావడానికి గంటన్నర పడుతుంది. వారానికి రెండు సార్లకు మించి నాకు కుదరలేదు.

బరువు లెక్క కూడా చెప్పాలి. మన బరువుకు 20 నిమిషాల తేలిక సైక్లింగ్‌లో ఖర్చయ్యేది సుమారు 100 క్యాలరీలు. కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. అంటే సైకిల్ ఒక్కటే అయితే కిలో తగ్గడానికి ఒక్క రోజూ మానకుండా రెండున్నర నెలలు, వారానికి 5 రోజులైతే మూడున్నర నెలలు తొక్కాలి. అందుకే రాత్రి అన్నం సగం చేసి ఆ చోట పప్పు, కూర పెంచాను. సాయంత్రం కాఫీతో తినే మురుకులు మానేశాను. 10 నెలల్లో 84 నుంచి 77కి వచ్చాను. ఒంట్లో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందట. ఐదు కిలోలు తగ్గేసరికి మా రెండో అంతస్తు మెట్లు రైలింగ్ పట్టుకోకుండా దిగగలిగాను.

మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి కదలకపోయినా, నడుస్తుండగా చటుక్కున మడత పడినట్టు అయినా, ఎర్రగా వేడిగా వాచినా, పిక్క ఒక్కటే వాచి నొప్పి పెట్టినా ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గుండె జబ్బు, బీపీ, షుగర్‌కు మందులు వాడుతుంటే సైకిల్ కొనేముందే ఆ డాక్టర్‌ను ఒకసారి అడగండి అండీ.