ఏ ఉద్యోగానికో చెప్పని రెజ్యూమే చేతికొస్తే

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఆఫీసు అయ్యాక మన ఊరి పిల్లల రెజ్యూమేలు సరిచేసి పెడతానని నువ్వు ఆన్‌లైన్‌లో ఫారం పెట్టావనీ, మూడు రోజుల్లోనే పదకొండు ఫైళ్లు వచ్చాయనీ చెప్పాడు. చాలా గర్వంగా అనిపించిందే. కానీ వాటిలో తొమ్మిదింటికి ఏ ఉద్యోగానికో, ఏ దేశానికో, కొత్తవాళ్లో అనుభవం ఉన్నవాళ్లో ఏమీ లేదట, "అక్కా, కొంచెం బాగు చేయండి" అని ఒక్క ముక్క రాసి పంపారట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా.

అక్షరదోషాలు, మారిపోయిన ఫోన్ నంబరు, కాలేజీలో సరదాగా పెట్టుకున్న ఈమెయిల్, నాలుగు రకాల ఫాంట్లు: ఇవి నువ్వే చూసుకుంటావు.

నా భయం వేరే ఉంది. 2009లో నేను ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఆఫీసులో పనిచేస్తున్నప్పుడు కోనసీమ నుంచి ఒకబ్బాయి రెజ్యూమే పంపాడు. ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడు, తర్వాత ఆరేళ్లు ఒక పెద్ద హోటల్లో పని. మూడు పేజీలు. ఫొటో, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ వివరాలు, డ్రైవింగ్ లైసెన్సు, తను చూసుకున్న పెద్ద ఏసీ మెషీన్లు, అదే చిల్లర్లు, ఏ కంపెనీవో, ఎన్ని టన్నులవో, అన్నీ రాసుకున్నాడు. ఏ ఉద్యోగానికో మాత్రం రాయలేదు, నేనూ అడగలేదు. అప్పటికి నెల ముందే అమెరికా పద్ధతి రెజ్యూమేల మీద ట్రైనింగ్ అయి ఉన్నాను, ఫొటో ఉండకూడదు, వయసు ఉండకూడదు, ఒక్క పేజీలో ముగియాలి అని బుర్రలో అదే తిరుగుతోంది. ఫొటో తీసేశాను, పాస్‌పోర్టు తీసేశాను, లైసెన్సు ఎందుకులే అని కొట్టేశాను, చిల్లర్ల పేర్లూ టన్నులూ చదివేవాళ్లకు విసుగని ఆ అరపేజీని రెండు లైన్లు చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. "టెక్నీషియన్" అన్న మాట చిన్నదిగా కనిపించి "ఇంజనీర్" అని మార్చాను.

ఆ అబ్బాయి వెళ్లింది ఖతార్ ఇంటర్వ్యూకి. అక్కడి పనులకి పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుంది, బండి నడపడం వచ్చా, ఏ మెషీన్ల మీద చెయ్యి తిరిగింది అనేవే మొదట చూస్తారు, సరిగ్గా వాటినే నేను తీసేశాను. ఇంటర్వ్యూ చేసినాయన కాగితం చూసి ఏ ఇంజనీరింగ్ కాలేజీ అని అడిగాడట. చేతిలో ఉన్న అనుభవ పత్రంలో టెక్నీషియన్ అనే ఉంది. వీడు అబద్ధం రాశాడని ఆయన అనుకున్నాడు, ఎవరైనా అలాగే అనుకుంటారు. రాసింది వేరే ఆవిడ అని కూడా వాడు చెప్పలేదు. రెండు వారాలకి ఆఫీసుకు వచ్చి, "మీరు బాగానే రాశారు మేడం, నాకే సరిపోలేదు" అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. వాడి పాత మూడు పేజీల ఫైలు అదృష్టం కొద్దీ నా దగ్గరే ఉంది, దాన్నే మళ్లీ శుభ్రంగా టైపు చేసి ఇచ్చాను. ఇంకో ఏడాదికి మస్కట్ వెళ్లాడు.

అందుకని నీకు గట్టిగా చెబుతున్నా, వచ్చిన ఫైలును ముందు వేరే ఫోల్డర్‌లో ఉన్నదున్నట్టు దాచు, మార్పులు నకలు మీదే చెయ్యి. తర్వాత వాళ్లకి ఒక్క మెసేజ్ పెట్టు: ఏ పని కోసం, ఏ దేశంలో, ఇప్పుడు ఏం చేస్తున్నావు. వీలైతే ఉద్యోగ ప్రకటన కూడా పంపమను. సగంమంది జవాబివ్వరు, అది నాకూ తెలుసు. ఫైల్లో ఆనవాళ్లు కనిపిస్తాయి, కింద డిక్లరేషనూ తండ్రి పేరూ ఉంటే ఇక్కడి పాత నమూనా చూసి రాసుకున్నాడని తెలుస్తుంది, కానీ ఎక్కడికి పంపబోతున్నాడో తెలియదు. 2021తో ఉద్యోగం ఆగిపోయి తర్వాత ఖాళీగా ఉంటే బిడ్డను పెంచుకుంటోందో, గ్రూప్స్‌కి చదువుతోందో నీకు తెలియదు, ఆ ఖాళీని నువ్వు పూడ్చకు.

జవాబు రాకపోయినా ఎక్కడైనా పనికొచ్చే మార్పులు కొన్ని ఉన్నాయి. తేదీలు 03/04/2021 అని ఉంటే మనకది ఏప్రిల్ 3, అమెరికా వాడికి మార్చి 4, కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయి. మార్కులు ఉత్త 8.1 అని వదలకుండా పదికి 8.1 అని రాయి. ఫోన్ ముందు +91 పెట్టు. మన పేర్ల సంగతి మరీ ముఖ్యం, ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు పెట్టుకుంటాం కదా, పాస్‌పోర్టులో అదే పేరు విడదీసి పూర్తిగా ఉంటుంది, సర్టిఫికెట్లో ఇంకోలా ఉంటుంది, ఏది ఎలా ఉందో అడిగి ఒకే తీరుగా రాయించు. ఆ తర్వాత ఫైల్లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. రెండు కాలమ్‌లు పెట్టిన రెజ్యూమే అయితే కంపెనీ పేరు ఒకచోట, తేదీలు ఇంకోచోట కలగాపులగంగా పడొచ్చు, స్కాన్ చేసిందైతే అసలేమీ కాపీ అవ్వకపోవచ్చు. కంపెనీల సాఫ్ట్‌వేర్‌కీ అలాగే అందే ప్రమాదం ఉంది, అప్పుడు ఒకే కాలమ్‌లో మళ్లీ టైపు చెయ్యాల్సిందే.

ఫొటో, వయసు, పెళ్లి వివరం, పేజీల లెక్క, వీటిని దేశం తెలిసేదాకా ముట్టుకోకు. అమెరికాకీ బ్రిటన్‌కీ ఫొటో వద్దు, గల్ఫ్‌కి ఫొటోతో పాటు ఏ దేశస్థుడో, వీసా సంగతేంటో కూడా అడుగుతారు. ఫైలు తిరిగి పంపేటప్పుడు, "ఇక్కడి ప్రైవేటు ఉద్యోగానికి అనుకుని చేశాను, కాకపోతే చెప్పు, ఫలానావి మారుస్తాను" అని మెసేజ్‌లో రాయి, రెజ్యూమేలో కాదు.

ఇక అంకెలు. "కస్టమర్ల ఫిర్యాదులు చూశాను" అని ఒకమ్మాయి రాసిందనుకో, రోజుకి ఎన్ని, ఫోన్‌లోనా కౌంటర్లోనా, ఏ వస్తువుల మీద అని అడుగు. రోజుకి నలభై ఫోన్లు, ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అని చెబితే ఆ లైను దానంతటదే నిలబడుతుంది. చెప్పకపోతే అక్కడ పసుపు రంగు వేసి ఖాళీ వదులు, నీ తరఫున అంకె వేశావంటే ఊరుకోను. హోదా, తేదీలు, జీతం కూడా అంతే. ఇప్పుడు పీఎఫ్ యూఏఎన్ రికార్డు చూస్తే ఎప్పుడు చేరారో ఎప్పుడు మానేశారో కనిపిస్తుంది, నువ్వు కలిపిన మూడు నెలలకి ఆఫర్ పోయేది వాళ్లది.

ఆధార్, పాస్‌పోర్టు నంబర్లున్న ఫైళ్లు నీ దగ్గరికి వస్తున్నాయి, ఆఫీసు కంప్యూటర్లో తెరవకు, పని అయ్యి ఫైలు అందిందని వాళ్లు చెప్పాక తీసేయి. మొదటి మూడూ పంపేముందు నాకు చూపించు, పేర్లూ నంబర్లూ కొట్టేసి పంపితే చాలు. ఆదివారం ఇంట్లోనే ఉంటా, రాత్రి పదకొండు దాటి ఇవి పెట్టుకుని కూర్చుంటున్నావని కూడా మీ నాన్న చెప్పాడు, తిని పడుకో తల్లీ, తొమ్మిదిమందికీ ఆ ప్రశ్నల మెసేజ్ రేపు పంపినా ఏం కాదు.

మీ అత్త