సోమనాథపురం విష్ణువు చేతుల్లో శంఖ చక్రాలు ఎందుకు మారాయి?

"మైసూరు దగ్గర సోమనాథపురం గుడి బయటి గోడ మీద తీసిన ఫోటో ఇది. మనకు ఎడమవైపు పై చేతిలో శంఖం, కింది చేతిలో ఏదో చిన్న ఉండ. కుడివైపు పైన చక్రం, కింద గద. తిరుమల స్వామికి చక్రం ఉండేది ఇటు కాదు కదా? ఈయన ఎవరు?"

ఈయన కేశవుడండీ. ఆ ఉండ తామర మొగ్గ. హొయసల శిల్పులు దాన్ని అరచేతిలో ఇమిడేంత చిన్నగా చెక్కుతారు, అందుకే లడ్డూలా కనిపిస్తుంది.

శిల్పం చూసేటప్పుడు కుడి ఎడమలు స్వామివి, మనవి కావు. ఆయన కింది కుడిచేతితో మొదలుపెట్టి పైకి వెళ్లి, అటునుంచి ఎడమ పైచేయి, ఎడమ కింది చేయి చూడాలి. మీ ఫోటోలో పద్మం, శంఖం, చక్రం, గద. ఆ వరస కేశవుడిది. నాలుగు వస్తువులను నాలుగు చేతుల్లో 24 రకాలుగా మార్చి పెట్టవచ్చు. ఆచమనంలో చెప్పుకునే కేశవ నామాలు 24 కూడా ఒక్కో అమరికకు ఒక్కోటి. శంఖం, చక్రం చోట్లు మాత్రం మారితే ఆయన జనార్దనుడు. అయితే కొన్ని నామాల దగ్గర గ్రంథాలకే పొత్తు కుదరదు. చెయ్యి విరిగిన విగ్రహానికైతే నేను పేరు పెట్టను.

తిరుమల స్వామిని ఈ లెక్కలో కలపకండి. ఆయన పై చేతుల్లో చక్రం, శంఖం ఉన్నా కింది చేతుల్లో గద, పద్మం లేవు, ముద్రలున్నాయి. కుడిచెయ్యి వరదహస్తం, వేళ్లు పాదాల వైపు దిగి ఉంటాయి. శరణు వేడమని చూపిస్తున్నట్టు పెద్దలు చెబుతారు. ఎడమచెయ్యి నడుం దగ్గర ఆనించిన కటిహస్తం.

ఇక అర్థాలు. విష్ణు పురాణం ప్రథమాంశంలో చక్రాన్ని గాలికన్నా వేగంగా పరుగెత్తే మనస్సని, గదను బుద్ధి అని, శంఖాన్ని పంచభూతాలకు మూలమైన అహంకారమని చెప్పారు. దుష్టశిక్షణకు చక్రం అనే మామూలు వివరణ కన్నా నాకు ఇదే నచ్చుతుంది. పద్మం ఆ జాబితాలో లేదు. బ్రహ్మ పుట్టింది తామరలోంచి కాబట్టి దాన్ని సృష్టికి గుర్తుగా చెబుతారు.

ఒక చిక్కుంది. వాట్సాప్‌లో తిరిగే గుడి ఫోటోల్లో అద్దంలో బొమ్మలా తిరగబడినవి కొన్ని నాకే వచ్చాయి. మీ కేశవుణ్ణి అలా తిప్పితే వరస గద, చక్రం, శంఖం, పద్మం అవుతుంది. అంటే సరిగ్గా మాధవుడు! ఇంకొకరు పంపిన ఫోటో అయితే నేను ముందు యజ్ఞోపవీతం చూస్తాను. అది స్వామి ఎడమ భుజం మీంచి కుడి నడుం వైపు దిగాలి. మీ ఫోటోలో అలాగే దిగింది, కాబట్టి కేశవుడే.