ఎక్సెల్ షీటు నింపడానికా ఇంజినీరింగ్ చదివించింది?

"సార్, మా అబ్బాయి ఈఈఈలో బీటెక్ చేశాడు. జీడిమెట్లలో ఫార్మా ప్యాకింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ నేర్పిస్తామన్నారు. కానీ రోజంతా ఐఓ లిస్టు, ట్యాగ్ పేర్లు, డాక్యుమెంట్లు అంటూ ఎక్సెల్‌లోనే ఉంటున్నాడు. వాడి ఫ్రెండ్స్ అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకుంటున్నారు. మాన్పించి అందులో చేర్పించాలా? ముందు వాళ్ల మేనేజర్‌తో నేనే మాట్లాడదామనుకుంటున్నాను. రెండిట్లో ఏది మంచిదో చెప్పండి." — ఒక తండ్రి, కూకట్‌పల్లి

ముందుగా ఒక మాట. మేనేజర్‌కు ఫోన్ చేయకండి. ఇరవై రెండేళ్ల ఇంజినీరు తరఫున నాన్న మాట్లాడితే, ఆ రోజు నుంచి షాప్‌ఫ్లోర్‌లో అతన్ని చిన్నపిల్లాడిలాగే చూస్తారు. మీరు ప్రేమతోనే చేస్తారు, కానీ నష్టపోయేది అతను. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నిట్లోనూ ఉండే భయం ఒక్కటే: "మా వాడితో గుమాస్తా పని చేయిస్తున్నారు." మీవాడి విషయంలో ఆ భయం అక్కర్లేదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ సలహాల పనిలోకి రాకముందు నేను చాలా ఏళ్లు మెషీన్ల కమిషనింగ్ చేశాను. మొదలుపెట్టింది ఈ షీటుతోనే.

ఐఓ లిస్టు అంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ల లిస్టు: మెషీన్ మీద ఉన్న ప్రతి సెన్సర్, బటన్, వాల్వ్, మోటారు, మెషీన్‌ను నడిపే కంప్యూటరైన పీఎల్‌సీకి ఏ వైరుతో, ఏ చానల్‌లో కలుస్తుందో రాసే పట్టిక. ఈ వైర్లు కలిపే మాడ్యూళ్లు ఎన్ని కొనాలి, ప్యానెల్ ఎంత పెద్దది కావాలి, ప్రోగ్రామ్‌లో ఏ పేర్లు వాడాలి అన్నీ దాన్నుంచే వస్తాయి. అందులో ఒక వరుస తప్పిపోతే ఏమవుతుందో నాకు అనుభవం.

ఒక సిరప్ బాటిల్ ఫిల్లింగ్ మెషీన్‌కు నేను వేసిన మొదటి లిస్టులో ఇన్‌పుట్లు సరిగ్గా పదహారు. గార్డ్ డోర్ స్విచ్‌లు నాలుగు, స్టార్ట్, స్టాప్, రీసెట్ బటన్లు మూడు, బాటిల్ సెన్సర్లు మూడు. సిలిండర్లు మూడు, ఒక్కోదానికి రెండు చివర్లా, అక్కడిదాకా కదిలిందని చెప్పే రీడ్ స్విచ్‌లు కాబట్టి ఆరు. పదహారు చానళ్ల మాడ్యూల్ ఒకటి చాలు అనుకుని ఆర్డర్ పెట్టించాను. ప్యానెల్ వైరింగ్ అయిపోయాక మూడు సిగ్నళ్లు బయటపడ్డాయి: సేఫ్టీ రిలే హెల్దీగా ఉందన్న సిగ్నల్, కన్వేయర్ డ్రైవ్ ఫాల్ట్, గాలి ప్రెజర్ స్విచ్. కస్టమర్ ఇన్‌స్పెక్షన్‌కు రెండు రోజులే ఉంది. రెండో మాడ్యూల్ దొరికింది కానీ డిన్ రెయిల్ మీద చోటు లేదు. టెర్మినళ్లు జరిపి, వైర్ డక్ట్ కోసి, రెండు రాత్రులు కూర్చున్నాం.

ఎందుకు తప్పాయి? నేను మెకానికల్ డ్రాయింగ్ ముందు పెట్టుకుని, కళ్లకు కనిపించినవి లెక్కపెట్టాను. డ్రైవ్ ఫాల్ట్, సేఫ్టీ రిలే ప్యానెల్ లోపల ఉంటాయి. ప్రెజర్ స్విచ్ గాలి లైన్ మొదట్లో ఉంటుంది. అవి ఆ డ్రాయింగ్‌లో లేవు. సరైన పద్ధతి ఏమిటంటే, మెషీన్ నడిచే వరుసను ఒక్కో అడుగుగా రాసుకుని, ప్రతి అడుగు దగ్గరా రెండు ప్రశ్నలు వేయాలి. ఈ అడుగు పూర్తయిందని పీఎల్‌సీకి ఎలా తెలుస్తుంది? ఇది పూర్తి కాకుండా అడ్డుపడేవి ఏమిటి, అవి దానికి ఎలా తెలుస్తాయి? మొదటి ప్రశ్న రీడ్ స్విచ్‌లను పట్టిస్తుంది, రెండోది గాలి ప్రెజర్‌ను పట్టిస్తుంది. అలా చేసి ఉంటే నాకు పంతొమ్మిది వచ్చేవి. వాటి మీద మామూలుగా ఉంచే ఇరవై శాతం స్పేర్ కలిపితే ఇరవై మూడు. అంటే మొదటి రోజే రెండు మాడ్యూళ్లు.

అవుట్‌పుట్ల దగ్గరైతే ఇంకో మంచి ప్రశ్న ఉంది. నాజిళ్లను కిందికి దించే సిలిండర్‌కు సింగిల్ కాయిల్ వాల్వా, డబుల్ కాయిల్ వాల్వా? లిస్టులో తేడా ఒక వరుసే. కానీ కరెంటు పోతే సింగిల్ కాయిల్ వాల్వ్ స్ప్రింగ్‌తో వెనక్కి వస్తుంది, నాజిళ్లు పైకి లేస్తాయి. డబుల్ కాయిల్ వాల్వ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది, నాజిళ్లు బాటిల్లోనే ఉండిపోతాయి. మీ అబ్బాయి ఆ వరుస నింపేముందు మెకానికల్ వాళ్ల దగ్గరికి వెళ్లి ఇది అడుగుతున్నాడా? అడుగుతుంటే అతను చేస్తున్నది డిజైన్ పని. అడగకుండా పాత ప్రాజెక్టు షీటు కాపీ చేస్తుంటే మాత్రం మీ అనుమానంలో నిజముంది.

ఇక పేర్ల సంగతి. ట్యాగ్ పేర్లు పెట్టడం చూడటానికి చిన్న పని. నేను తర్వాత చేర్చిన ఆ ప్రెజర్ స్విచ్‌కు `AIR_PRESS` అని పేరు పెట్టాను. అది 1 అయితే గాలి బాగుందనా, తగ్గిందనా? పేరు చెప్పదు. ప్రోగ్రామ్ రాసినతను "బాగుంది" అనుకున్నాడు. ఎలక్ట్రీషియన్ గాలి తగ్గినప్పుడు కలిసే కాంటాక్ట్‌కు వైరు కలిపాడు. గాలి నిండుగా ఉన్నా మెషీన్ స్టార్ట్ కాలేదు. హడావుడిలో ప్రోగ్రామ్‌లో సిగ్నల్‌ను తిరగేశారు, మెషీన్ నడిచింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. కొన్ని వారాలకు వైబ్రేషన్‌తో ఆ వైరు లూజై ఊడిపోయింది. ఇక సిగ్నల్ ఎప్పుడూ సున్నాయే, తిరగేస్తే ఎప్పుడూ "గాలి బాగుంది." ఒకరోజు కంప్రెసర్ నిజంగానే ఆగింది. మెషీన్ ఆగలేదు. నాజిళ్లు సగం దిగి సిరప్ కన్వేయర్ మీద పోసేశాయి. సరిచేయాల్సింది ప్రోగ్రామ్ కాదు, వైరింగ్. గాలి బాగున్నప్పుడు కలిసి ఉండే కాంటాక్ట్ వాడి ఉంటే, వైరు తెగిన క్షణమే మెషీన్ ఆగేది. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌కు, నొక్కనంతసేపూ కలిసే ఉండే ఎన్‌సీ కాంటాక్ట్ వాడేదీ ఇందుకే.

అప్పటినుంచి నా షీట్లు ఇలా ఉండేవి:

```
S20_CY01_DN_CMD   DO   %Q0.4
S20_CY01_DN_FB    DI   %I0.6
S20_CY01_UP_FB    DI   %I0.7
S00_AIR_OK        DI   %I2.0
```

మొదట స్టేషన్, తర్వాత పరికరం, తర్వాత కదలిక, చివర అది ఆజ్ఞా, తిరిగొచ్చే సమాచారమా అన్నది. పక్కన `DI` అంటే ఇన్‌పుట్, `DO` అంటే అవుట్‌పుట్. `OK` అని ఉంటే 1 అంటే అంతా బాగున్నట్టు. డ్రాయింగ్‌లో వాడే అడ్డగీత ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పీఎల్‌సీ భాషల ప్రమాణం ఐఈసీ 61131-3 ప్రకారం వేరియబుల్ పేరులో అది చెల్లదు. అందుకే మొదటినుంచీ అండర్‌స్కోర్ వాడితే డ్రాయింగ్‌లో ఒక పేరు, ప్రోగ్రామ్‌లో ఇంకో పేరు అన్న గొడవ రాదు. అడ్రస్ కాలమ్‌ను చివర్లోనే నింపాలి. ప్రోగ్రామ్ అంతా ట్యాగ్ పేరుతో రాసి ఉంటే, రేపు ఒక చానల్ కాలిపోయినా వైరు పక్క చానల్‌కు మార్చి, పట్టికలో ఒక్క అడ్రస్ మారిస్తే సరిపోతుంది.

డాక్యుమెంట్ల ప్యాకేజీ గురించి ఒక్క విషయమే చెప్తాను. అందులో డ్రాయింగులు, టెర్మినల్ లిస్టు, కేబుల్ లిస్టు, విడిభాగాల లిస్టు, డ్రైవ్ పారామీటర్లు, ప్రోగ్రామ్ బ్యాకప్, టెస్ట్ షీట్లు అన్నీ ఉంటాయి. అవి బాగున్నాయో లేదో తెలుసుకోవాలంటే ఒక ట్యాగ్ పట్టుకుని నడవాలి. స్క్రీన్ మీద `S20_CY01_DN_FB` అలారం వచ్చింది. ఆ పేరుతో ఐఓ లిస్టులో టెర్మినల్ నంబర్ దొరకాలి, ఆ నంబర్‌తో డ్రాయింగ్‌లో పేజీ దొరకాలి, ప్యానెల్ తెరిస్తే వైరు ఫెర్రూల్ మీద అదే నంబర్ ఉండాలి, సెన్సర్ దగ్గర లేబుల్ మీద అదే పేరు ఉండాలి. మధ్యలో ఎక్కడ తెగినా రాత్రి షిఫ్టు టెక్నీషియన్ అక్కడే ఆగిపోతాడు. ఫార్మా కస్టమర్లు మెషీన్‌తో పాటు ఈ కాగితాలనూ పరిశీలిస్తారు. ఐఓ చెక్ షీటులో ఒక్కో సెన్సర్‌ను చేత్తో ఆన్ చేసి, స్క్రీన్ మీద చూసి, సంతకం, తేదీ వేసి ఉండాలి. సైట్‌లో ఎర్ర పెన్నుతో దిద్దినవి మళ్లీ ఫైనల్ డ్రాయింగ్‌లోకి ఎక్కాలి. ఎక్కకపోతే ఆ డ్రాయింగ్ చూపించేది వేరే మెషీన్ అన్నట్టే.

ఇప్పుడు అమీర్‌పేట. డేటా సైన్స్ చెడ్డదని నేను అనను. స్టాటిస్టిక్స్ ఇష్టంగా చదివే పిల్లలు అందులో బాగా రాణిస్తారు. నా అనుమానమల్లా మూడు నాలుగు నెలల కోర్సుల మీద. అక్కడ ముందే శుభ్రం చేసి పెట్టిన డేటా ఇస్తారు, మోడల్ నడిపిస్తారు, అందరి చేతా దాదాపు అవే ప్రాజెక్టులు చేయించి, సర్టిఫికెట్ ఇస్తారు. నా దగ్గరికి ఆ సర్టిఫికెట్లతో వచ్చిన పిల్లల్ని "ఈ కాలమ్‌లో సున్నా అంటే ఏమిటి, మెషీన్ ఆగిందా, సెన్సర్ వైరు ఊడిందా?" అని అడిగితే చాలామంది మౌనంగా ఉండిపోయారు. దానికి జవాబు మీ అబ్బాయి ఇప్పుడు నింపుతున్న షీటులో ఉంది. "ఇండస్ట్రీ 4.0" పేరుతో అమ్ముతున్న కోర్సుల మీదా నాకు ఇదే అనుమానం. మెషీన్ డేటా డ్యాష్‌బోర్డులోకి ఎక్కేది ట్యాగ్ పేరుతోనే. ఆ పేరు `M12_2` అని ఉంటే ఎంత పెద్ద సాఫ్ట్‌వేరైనా దాంట్లోంచి అర్థం పుట్టించలేదు. మీ అబ్బాయికి నిజంగా ఆ వైపు ఇష్టం ఉంటే ఈ ఉద్యోగంలో ఉంటూనే సాయంత్రాలు పైథాన్ నేర్చుకోవచ్చు. మాన్పించాల్సిన పనిలేదు. కానీ మీ ఉత్తరంలో వాడి ఫ్రెండ్స్ ఏం చదువుతున్నారో ఉంది, వాడికి ఏం ఇష్టమో లేదు. అడిగారా?

ఉండాలా, మానాలా అన్నది నాలుగు నెలలకు తేల్చకండి. అతను లిస్టు వేసిన మెషీన్‌ను ఐఓ చెక్ చేసే రోజున అతన్ని షాప్‌ఫ్లోర్‌లోకి దించుతున్నారా అన్నది చూడండి. తన పట్టికలోని వరుస తన కళ్లముందు వెలగడం చూస్తే ప్రోగ్రామింగ్ దానంతట అదే మొదలవుతుంది. ఒక మెషీన్ మొదలునుంచి డిస్పాచ్ దాకా వెళ్లినా అతన్ని కుర్చీలోంచి లేపకపోతే, అప్పుడు వేరే కంపెనీ చూసుకోమనండి. అదీ ఈ రంగంలోనే. బాలానగర్, చర్లపల్లి, పాశమైలారం పెద్ద దూరాలు కావు. అడిగేది కూడా అతనే అడగాలి: "సార్, ఈ మెషీన్ ఐఓ చెక్‌కు నన్ను ఉండనివ్వండి" అంటే చాలు.

ఈ ఆదివారం మీ ఇద్దరూ కలిసి ఒక పని చేయండి. మీ ఇంటి నీళ్ల మోటారుకు ఐఓ లిస్టు వేయమనండి. సంప్‌లో ఒక ఫ్లోట్ స్విచ్, పైన ట్యాంక్‌లో ఒక ఫ్లోట్ స్విచ్, మోటారు కాంటాక్టర్, దాని ఓవర్‌లోడ్ రిలే, ఆన్ చేసే బటన్, ఆపే బటన్. పేర్లు అతనే పెట్టాలి. మీరు పక్కన కూర్చుని ఒక్కో వరుస దగ్గరా "ఈ వైరు తెగితే ఏమవుతుంది?" అని మాత్రం అడగండి. సంప్ ఫ్లోట్ వైరు తెగితే మోటారు ఆగాలి, లేకపోతే నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. పై ట్యాంక్ ఫ్లోట్ వైరు తెగినా ఆగాలి, లేకపోతే ట్యాంక్ పొంగుతుంది. ఆ రెండు స్విచ్‌లకూ ఏ కాంటాక్ట్ తీసుకోవాలో, ఏ పేరు పెట్టాలో అతను చెప్పగలిగితే ఆ షీటు నాకు పంపండి, చూస్తాను.